‘నాట్ ఇన్ సింక్’: ఆర్డుయినో బోర్డు బదులు పలకని దోషం

ఆర్డుయినో ఐడీఈలో రాసిన స్కెచ్ తప్పుల్లేకుండా కంపైల్ అవుతుంది. తీరా బోర్డులోకి ఎక్కాల్సిన సమయానికి అడుగున ఉన్న గడిలో ఈ రెండు పంక్తులూ పదే పదే పడి, అప్‌లోడ్ ఆగిపోతుంది.

```
avrdude: stk500_recv(): programmer is not responding
avrdude: stk500_getsync() attempt 1 of 10: not in sync: resp=0x00
```

వాడుకలో దీన్నే ‘నాట్ ఇన్ సింక్’ దోషం అంటారు. సాఫ్ట్‌వేర్ కూర్పును బట్టి పంక్తుల రూపం కొద్దిగా మారుతుంది కాని సారం ఒకటే. కంప్యూటర్ బోర్డును “ఉన్నావా?” అని పదిసార్లు అడిగింది, ఒక్కసారి కూడా సరైన జవాబు రాలేదు. స్కెచ్‌లో రాసిన కోడ్‌కు ఈ గొడవతో సంబంధం లేదు. ఆ కోడ్‌లో ఒక్క బైటు కూడా ఇంకా బోర్డు వైపు బయలుదేరలేదు. అందుకే దోషం కనబడగానే స్కెచ్‌ను తిరగరాయడం మొదలుపెట్టేవాళ్లకు ఎంత సేపు పోయినా ఫలితం ఉండదు.

ఈ సందేశంలో పైకి చెప్పని మరో సమాచారం ఉంది. పోర్టు తెరుచుకుంది. తెరుచుకోకపోయి ఉంటే సందేశం `can't open device` అని వేరేగా వచ్చేది, దానికి కారణాలు కూడా వేరే. కాబట్టి ఇక్కడ తేల్చుకోవాల్సినవి మూడే: తెరిచిన తలుపు వెనక ఉన్నది మన బోర్డేనా, అడిగిన క్షణానికి అందులోని బూట్‌లోడర్ మేలుకొని ఉందా, రెండు వైపులా ఒకే వేగంతో మాట్లాడుతున్నాయా. మొదటి ప్రశ్న సీరియల్ పోర్టు సెట్టింగ్‌ది, మూడోది బోర్డు సెట్టింగ్‌ది. రెండోది ఎక్కువగా తీగలకూ చిప్‌లో మిగిలి ఉన్న ప్రోగ్రామ్‌కూ సంబంధించినది.

పలకరింపు ఎలా సాగాలి

ఐడీఈ తనంతట తాను బోర్డుతో మాట్లాడదు. ఆ పనిని ఏవీఆర్‌డ్యూడ్ అనే చిన్న ప్రోగ్రామ్‌కు అప్పగిస్తుంది. బ్రయన్ డీన్ ఏవీఆర్ చిప్‌ల కోసం మొదలుపెట్టిన ఈ ప్రోగ్రామ్ ఆర్డుయినోతో పుట్టింది కాదు. సందేశంలోని `stk500` కూడా అలాంటి పాత పేరే. ఏవీఆర్ చిప్‌లను తయారుచేసిన ఆట్మెల్ కంపెనీ ఎస్‌టీకే500 పేరుతో ఒక ప్రోగ్రామర్ పరికరాన్ని అమ్మేది. దాంతో మాట్లాడే పద్ధతినే ఆర్డుయినో బూట్‌లోడర్ అరువు తెచ్చుకుంది. ఊనో, నానో బోర్డుల్లోని చిప్ తానే ఒక ఎస్‌టీకే500 అయినట్టు బదులిస్తుంది. విడిగా ప్రోగ్రామర్ ఏదీ లేనప్పుడు ‘ప్రోగ్రామర్ బదులివ్వడం లేదు’ అని ఎందుకు వస్తోందని చాలామంది తికమకపడతారు. ఆ పేరు వెనక కథ ఇదే. అక్కడ ప్రోగ్రామర్ అంటే బోర్డులోని బూట్‌లోడరే.

పలకరింపు రెండు బైట్లది. కంప్యూటర్ `0x30`, `0x20` పంపుతుంది. బూట్‌లోడర్ `0x14`, `0x10` అని బదులిస్తుంది. మొదటిది ‘సింక్‌లో ఉన్నాను’ అని, రెండోది ‘సరే’ అని. ఏవీఆర్‌డ్యూడ్ ఎదురుచూసేది ఆ `0x14` కోసమే. దాని బదులు ఇంకేదైనా బైటు వస్తే ఆ విలువను `resp=` పక్కన చూపిస్తుంది. అయితే పైన `programmer is not responding` అనే పంక్తి కూడా ఉంటే అసలు ఏ బైటూ రాలేదని అర్థం. అప్పుడు `resp=` పక్కన ఏ అంకె కనబడినా దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ఆ అంకెను పట్టుకుని ఆరా తీసేవాళ్లను చూస్తుంటాం. పైనున్న పంక్తిని ముందు చదివితే ఆ శ్రమ తప్పుతుంది.

బూట్‌లోడర్ ఎప్పుడూ మేలుకొని ఉండదు. చిప్ రీసెట్ అయిన వెంటనే కొద్దిసేపు సీరియల్ తీగ వైపు చెవి పెడుతుంది. ఊనోలో ఉండే ఆప్టిబూట్ అయితే ఆ వ్యవధి సుమారు ఒక సెకను. ఆలోగా పలకరింపు రాకపోతే చిప్‌లో ఇదివరకే ఉన్న స్కెచ్‌కు పగ్గాలు అప్పగించి తప్పుకుంటుంది. కాబట్టి పలకరించే ముందు చిప్‌ను రీసెట్ చెయ్యాలి. తొలి ఆర్డుయినోల్లో వాడేవాళ్లే అప్‌లోడ్ నొక్కుతూ రీసెట్ మీట కూడా నొక్కాల్సి వచ్చేది. 2007 నాటి డీచిమిలా బోర్డుతో ఆ అవసరం పోయింది. యూఎస్‌బీ చిప్‌లోని డీటీఆర్ అనే సంకేత తీగను 100 నానోఫారడ్ కెపాసిటర్ గుండా రీసెట్ కాలికి కలిపారు. కంప్యూటర్ పోర్టును తెరవగానే డీటీఆర్ కిందికి పడుతుంది, కెపాసిటర్ ఆ మార్పును ఒక చిన్న తోపుగా రీసెట్‌కు చేరవేస్తుంది, చిప్ మళ్లీ మొదలవుతుంది. సీరియల్ మానిటర్ తెరిచినప్పుడల్లా స్కెచ్ మొదటి నుంచి నడవడానికి కారణం కూడా ఇదే.

పోర్టు: తలుపు తెరుచుకున్నంత మాత్రాన ఇల్లు మనది కాదు

తప్పు పోర్టును ఎంచుకుంటే ఐడీఈ వెంటనే పట్టేస్తుందని అనుకుంటాం. చాలాసార్లు పట్టలేదు. కొన్ని డెస్క్‌టాప్ కంప్యూటర్లలో మదర్‌బోర్డుకు చెందిన `COM1` ఉంటుంది. ఆఫీసుల్లో వాడే కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఇంటెల్ వారి రిమోట్ నిర్వహణ సదుపాయం ఒక సీరియల్ పోర్టును సృష్టిస్తుంది, విండోస్ డివైస్ మేనేజర్‌లో అది `Intel(R) Active Management Technology - SOL` అనే పేరుతో తరచు `COM3` గా కనబడుతుంది. ఇలాంటివి అడగ్గానే తెరుచుకుంటాయి, పంపిన బైట్లను తీసుకుంటాయి, అవతల మాత్రం ఎవరూ ఉండరు. పది ప్రయత్నాలూ మౌనంలో కలిసిపోయి సరిగ్గా మన దోషమే వస్తుంది.

ఇంకో చిక్కు చౌక బోర్డులతో. మన ఊళ్లలోని ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికే నానో నకళ్లలో ఎక్కువగా సీహెచ్340 అనే యూఎస్‌బీ చిప్ ఉంటుంది. అందులో బోర్డుకో క్రమసంఖ్య రాసి ఉండదు. అందువల్ల విండోస్ ఆ బోర్డును గుర్తుపెట్టుకునేది అది ఏ యూఎస్‌బీ రంధ్రంలో ఉందన్న దాన్ని బట్టే. నిన్న ఎడమ వైపు పెడితే `COM5` అయిన బోర్డు, ఇవాళ కుడి వైపు పెడితే `COM7` కావచ్చు. ఐడీఈలో మాత్రం నిన్నటి ఎంపికే మిగిలి ఉంటుంది.

అసలు పోర్టును పట్టుకునే పద్ధతి తేలికైనది. పోర్టుల జాబితా తెరిచి చూసి, కేబుల్ పీకి, మళ్లీ చూడాలి. మాయమైనది మన బోర్డు. లినక్స్‌లో ఊనోలాంటి బోర్డు `/dev/ttyACM0` గానూ, సీహెచ్340 లేదా ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్నది `/dev/ttyUSB0` గానూ కనబడుతుంది. కేబుల్ పెట్టినా తీసినా జాబితా మారకపోతే చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్ కావచ్చు, డ్రైవర్ లేకపోవచ్చు. ఆ సంగతి తేలే దాకా బోర్డు సెట్టింగ్‌లు మార్చి లాభం లేదు.

ఒకే పోర్టు కోసం రెండు ప్రోగ్రాములు పోటీపడితే ఏమవుతుందన్నది ఆపరేటింగ్ సిస్టమ్‌ను బట్టి ఉంటుంది. విండోస్ రెండోదాన్ని లోపలికి రానివ్వదు, `Access is denied` అంటుంది. ఇది మన దోషం కాదు, ఇంకో సీరియల్ మానిటర్ తెరిచి ఉందని అర్థం. లినక్స్‌లో మాత్రం ఇద్దరూ లోపలికి రాగలరు. వచ్చిన బైట్లలో కొన్ని ఒకరికి, కొన్ని మరొకరికి పోతాయి. కొత్తగా పెట్టిన ప్రతి సీరియల్ పరికరాన్నీ మోడెమేమోనని తట్టి చూసే మోడెమ్‌మేనేజర్ ఇలాగే అడ్డుపడుతుంది. కేబుల్ పెట్టిన వెంటనే దోషం వచ్చి, అర నిమిషం ఆగి ప్రయత్నిస్తే పనిచేస్తోందంటే దాన్ని అనుమానించాలి.

బోర్డు: వేగం ఎవరు చెబుతారు

`Tools` మెనూలో ఎంచుకునే బోర్డు పేరు అలంకారం కాదు. దాన్ని బట్టే ఏవీఆర్‌డ్యూడ్ ఏ చిప్‌ను ఎదురుచూడాలి, ఏ పద్ధతిలో మాట్లాడాలి, సెకనుకు ఎన్ని బిట్ల వేగంతో మాట్లాడాలి అన్నవి నిర్ణయమవుతాయి. బోర్డు ఆ వేగాన్ని తానుగా చెప్పదు. యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌కు తెలిసేది మధ్యనున్న యూఎస్‌బీ చిప్ గుర్తింపు మాత్రమే. సీహెచ్340 అయినా, అసలు నానోలోని ఎఫ్‌టీడీఐ అయినా తన పేరు చెబుతుంది కాని తన వెనకున్న చిప్ పేరు గాని, అందులోని బూట్‌లోడర్ వయసు గాని చెప్పలేదు. మెనూలో మనిషి ఎంచుకున్నదాన్ని ఐడీఈ నమ్ముతుంది, అంతే.

ఈ నమ్మకం ఎక్కువగా దెబ్బతినేది నానో దగ్గర. ఊనో తన 2010 నాటి పుట్టుక నుంచీ ఆప్టిబూట్‌తో, 115200 వేగంతో నడుస్తోంది. నానో మాత్రం చాలా ఏళ్లు పాత బూట్‌లోడర్‌నే మోసింది, దాని వేగం 57600. 2018 జనవరి నుంచి ఆర్డుయినో సంస్థ నానోలను కూడా ఆప్టిబూట్‌తో అమ్మడం మొదలుపెట్టింది. దాంతో మెనూలో ఒకే చిప్‌కు రెండు ఎంపికలు వచ్చాయి. `ATmega328P` అంటే 115200, `ATmega328P (Old Bootloader)` అంటే 57600. ఏమీ మార్చకపోతే ఉండేది మొదటిది. నకలు బోర్డులు చేసేవాళ్లలో చాలామంది పాత బూట్‌లోడర్‌నే ఎక్కిస్తూ వచ్చారు. ఈ రెండూ కలిసి, కొత్తగా కొన్న నానో మొదటి అప్‌లోడ్‌లోనే మొరాయించడం మామూలైపోయింది. బోర్డు పాడైందని తిరిగి ఇచ్చేసినవాటిలో ఈ ఒక్క మెనూ ఎంపికతో బాగుపడేవి ఉంటాయని నా నమ్మకం.

వేగం తేడా ఎందుకు పూర్తి మౌనంగా మారుతుందో చూడడం బాగుంటుంది. సీరియల్ తీగ మీద ప్రతి బైటుకూ పది బిట్ల కాలం పడుతుంది: ఆరంభ బిట్ ఒకటి, సమాచారం ఎనిమిది, ముగింపు ఒకటి. 115200 వేగంలో ఒక్కో బిట్ దాదాపు 8.7 మైక్రోసెకన్లు ఉంటుంది. 57600లో వినే చిప్ మాత్రం ఒక్కో బిట్ 17.4 మైక్రోసెకన్లు ఉంటుందని అనుకుని, ఆ కాలం మధ్యలో తీగను చూస్తుంది. ఆ మధ్య బిందువు సరిగ్గా పంపినవాడి రెండు బిట్ల సరిహద్దులో పడుతుంది. అక్కడ చదివిన విలువ అటో ఇటో ఏదైనా కావచ్చు. పైగా కంప్యూటర్ వెంటవెంటనే పంపిన `0x30`, `0x20` రెండూ కలిసి ఇరవై బిట్లు, అంటే వినేవాడి లెక్కలో పది బిట్లు. పలకరింపు మొత్తం అతనికి ఒక్క పనికిరాని బైటుగా అందుతుంది. బూట్‌లోడర్ అర్థం కాని మాటకు బదులివ్వదు. కాసేపు చూసి పాత స్కెచ్‌ను నడుపుకుంటుంది.

పాత నానోల్లో ఏటీమెగా168 చిప్ ఉన్నవీ ఉన్నాయి, వాటి వేగం 19200. మెగా 2560 బోర్డుది ఇంకో దారి. అది ఎస్‌టీకే500 రెండో కూర్పు పద్ధతిలో మాట్లాడుతుంది. మెగాను పెట్టి మెనూలో ఊనో ఎంచుకుంటే ‘నాట్ ఇన్ సింక్’ వస్తుంది. ఊనోను పెట్టి మెగా ఎంచుకుంటే `stk500v2_ReceiveMessage(): timeout` వస్తుంది. రెండూ భాష కుదరని మాటలే, పేరు మాత్రం వేరు.

బోర్డు సెట్టింగ్‌లోని ప్రతి తప్పూ ఈ దోషం తేదు. ప్రో మినీలో 5 వోల్టులు 16 మెగాహెర్ట్జ్ రకం, 3.3 వోల్టులు 8 మెగాహెర్ట్జ్ రకం అని రెండున్నాయి. ఏటీమెగా328 చిప్‌తో రెండింటికీ అప్‌లోడ్ వేగం 57600 కాబట్టి ఒకదాని బదులు మరొకటి ఎంచుకున్నా స్కెచ్ ఎక్కేస్తుంది. తేడా ఆ తర్వాత తెలుస్తుంది, 8 మెగాహెర్ట్జ్ బోర్డుకు 16 మెగాహెర్ట్జ్ ఎంచుకుంటే సెకనుకోసారి వెలగాల్సిన దీపం రెండు సెకన్లకోసారి వెలుగుతుంది.

ఒక నానో కథ

సీహెచ్340 ఉన్న కొత్త నానో, విండోస్ ల్యాప్‌టాప్, బ్లింక్ స్కెచ్ అనుకుందాం. అప్‌లోడ్ నొక్కితే దోషం వచ్చింది. ఈ సమయంలో బోర్డును చూస్తే దాని మీద ఏ దీపమూ కదల్లేదు. పవర్ దీపం మాత్రం స్థిరంగా ఉంది. ఇదే మొదటి ఆధారం. పోర్టు తెరుచుకుందని సందేశం చెబుతోంది కాని ఆ తెరవడం వల్ల బోర్డు రీసెట్ కాలేదు. అంటే తెరిచిన పోర్టు ఈ బోర్డుది కాకపోవచ్చు. డివైస్ మేనేజర్ తెరిచి కేబుల్ పీకితే `USB-SERIAL CH340 (COM7)` మాయమైంది. ఐడీఈలో ఉన్నది `COM3`. దాన్ని `COM7` కు మార్చారు.

మళ్లీ అదే దోషం. మొదటి మార్పు వల్ల ఏమీ కాలేదనుకుని వెనక్కి మార్చేస్తే ఇక్కడే దారి తప్పుతుంది. సందేశం అదే అయినా బోర్డు ప్రవర్తన మారింది. అప్‌లోడ్ మొదలవగానే `L` అని రాసి ఉన్న దీపం మిణుకుమంది, ఆర్‌ఎక్స్ దీపం తళుక్కుమంది. చిప్ రీసెట్ అవుతోంది, బూట్‌లోడర్ లేస్తోంది, బైట్లు చేరుతున్నాయి. మిగిలింది వేగం.

ఐడీఈ ప్రిఫరెన్సెస్‌లో అప్‌లోడ్‌కు వివరమైన అవుట్‌పుట్ చూపమని గుర్తు పెడితే ఏవీఆర్‌డ్యూడ్‌కు ఇచ్చిన ఆజ్ఞ పూర్తిగా కనబడుతుంది. అందులో `-PCOM7 -b115200` అని ఉంది. `Tools > Processor` లో `ATmega328P (Old Bootloader)` ఎంచుకుంటే అది `-b57600` అయింది, స్కెచ్ ఎక్కింది. ఏవీఆర్‌డ్యూడ్ విడిగా ఉన్నవాళ్లు ఏమీ రాయకుండానే ఈ పరీక్ష చెయ్యొచ్చు.

```
avrdude -v -c arduino -p m328p -P COM7 -b 57600
```

జవాబులో `0x1e950f` కనబడితే అది ఏటీమెగా328పి సంతకం. పోర్టు, రీసెట్, వేగం మూడూ సరిపోయాయి. ఒక వేగంతో మౌనంగా ఉంటే మిగతా రెండింటితో అడిగి చూడాలి. మూడు వేగాలకూ మౌనమే అయితే సెట్టింగ్‌ల దగ్గర వెతకడం ఆపొచ్చు.

వారం తర్వాత ఇదే బోర్డు ఇవే సెట్టింగ్‌లతో మళ్లీ మొరాయించింది. ఈమధ్య జరిగిందల్లా హెచ్‌సీ-05 బ్లూటూత్ మాడ్యూల్‌ను 0, 1 కాళ్లకు కలపడం. ఆ రెండు కాళ్లే అప్‌లోడ్ నడిచే దారి. యూఎస్‌బీ చిప్ నుంచి వచ్చే తీగలో 1 కిలో ఓమ్ రెసిస్టర్ ఉంటుంది. మాడ్యూల్ మాత్రం నేరుగా కాలికి కలిసి ఉంది. రెండూ ఒకే కాలిని చెరో వైపు లాగితే నేరుగా కలిసిన మాడ్యూల్‌దే పైచేయి, కంప్యూటర్ పలకరింపు చిప్‌కు చేరనే చేరదు. అప్‌లోడ్ చేసేంతసేపు ఆ తీగ తీస్తే సరిపోతుంది. ప్రతిసారీ తీసి పెట్టడం ఇష్టం లేకపోతే సాఫ్ట్‌వేర్‌సీరియల్ లైబ్రరీతో మాడ్యూల్‌ను వేరే కాళ్ల మీదికి మార్చుకోవాలి.

సెట్టింగ్‌లు సరైనవైనా పలకనప్పుడు

పోర్టు, వేగం సరిగ్గా ఉండి `L` దీపం మాత్రం కదలకపోతే రీసెట్ తోపు అందడం లేదు. ఆర్డుయినోనే ప్రోగ్రామర్‌గా వాడేటప్పుడు రీసెట్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడతారు, అది ఉన్నంతసేపు ఆటో రీసెట్ పనిచెయ్యదు. తీయడం మరిచిపోతే ఇదే దోషం. ప్రో మినీకి వాడే యూఎస్‌బీ అడాప్టర్‌లో డీటీఆర్ కాలు లేకపోయినా అంతే. అప్పుడు పాతకాలం పద్ధతికే పోవాలి. రీసెట్ మీట నొక్కి పట్టుకుని, కంపైల్ పూర్తయి అప్‌లోడ్ మొదలైందని చూసి వదలాలి. ఒక సెకను వ్యవధిని అందుకోవడానికి రెండు మూడు ప్రయత్నాలు పట్టొచ్చు.

యూఎస్‌బీ వైపు సగం బాగుందో లేదో తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. రీసెట్‌ను గ్రౌండ్‌కు కలిపి చిప్‌ను పక్కకు తప్పించి, 0, 1 కాళ్లను ఒకదానికొకటి తీగతో కలపాలి. సీరియల్ మానిటర్‌లో టైపు చేసిన అక్షరాలు తిరిగి వస్తే పోర్టు, డ్రైవర్, కేబుల్, యూఎస్‌బీ చిప్ అన్నీ బాగున్నట్టే. ఆ స్థితిలో అప్‌లోడ్ నొక్కితే `resp=0x30` వస్తుంది. కంప్యూటర్ పంపిన మాటే ప్రతిధ్వనిలా దానికి తిరిగి వినబడుతోంది. `resp=` విలువ నిజంగా ఏదైనా చెప్పే సందర్భం ఇది. పరీక్ష చెయ్యకుండానే `0x30` వచ్చిందంటే 0, 1 కాళ్లు ఎక్కడో కలిసిపోయాయి. టంకం చుక్క ఒకటి రెండు కాళ్ల మధ్య పడి ఉండవచ్చు.

పరీక్ష నెగ్గినా, రీసెట్ మీట నొక్కినప్పుడు `L` దీపం మిణుకుమనకపోతే బూట్‌లోడరే లేకపోవచ్చు. ఆప్టిబూట్ అయితే సాధారణంగా మూడుసార్లు వేగంగా మిణుకుమంటుంది. బూట్‌లోడర్ ఉన్నా లేనట్టు చేసే పరిస్థితి కూడా ఉంది. నానో పాత బూట్‌లోడర్ లేచాక వాచ్‌డాగ్ టైమర్‌ను ఆపదు. స్కెచ్‌లో ఆ టైమర్‌ను 15 మిల్లీసెకన్ల లాంటి తక్కువ వ్యవధికి పెట్టి ఉంటే, టైమర్ ఒక్కసారి చిప్‌ను రీసెట్ చేశాక బూట్‌లోడర్ పలకరింపు వినేలోపే మళ్లీ రీసెట్ అవుతుంది. `L` దీపం ఆగకుండా కొట్టుకుంటూ ఉంటే ఇదే జరుగుతోందని పోల్చుకోవచ్చు. కరెంటు తీసి పెడితే టైమర్ ఆగుతుంది, పెట్టిన వెంటనే స్కెచ్ దాన్ని మళ్లీ మొదలుపెట్టేలోపు అప్‌లోడ్ అందుకోవాలి.

అదీ కుదరకపోతే మరో ఆర్డుయినోను ప్రోగ్రామర్‌గా కలిపి `Burn Bootloader` చెయ్యాలి. ఇందుకు సీరియల్ కాళ్లు అక్కర్లేదు, 11, 12, 13, రీసెట్ కాళ్ల ద్వారా బూట్‌లోడర్ నేరుగా చిప్‌లోకి పోతుంది. నానో అయినా సరే మెనూలో ఊనో ఎంచుకుని ఆప్టిబూట్ ఎక్కించడం మేలని నా అభిప్రాయం. వాచ్‌డాగ్ గొడవ పోతుంది, ఆప్టిబూట్‌కు 512 బైట్లు చాలు కాబట్టి స్కెచ్‌కు దొరికే చోటు కూడా 30,720 బైట్ల నుంచి 32,256కు పెరుగుతుంది. అప్పటి నుంచి ఆ బోర్డు 115200లో మాట్లాడుతుంది, మెనూలో కూడా ఊనో అనే ఎంచుకోవాలి. బోర్డు అడుగున చిన్న కాగితం అంటించి ఆ మాట రాసిపెట్టకపోతే, ఆరు నెలల తర్వాత దాన్ని చేతిలోకి తీసుకున్నవాళ్లు పాత బూట్‌లోడర్ ఎంచుకుంటారు. మళ్లీ ఆ పంక్తులే వస్తాయి.